"రష్డ్ పాస్ట్ ద కౌంటర్": ఈ వాక్యం నిజంగా తప్పా, చదవడానికే ఇబ్బందా?

కొర్లగుంట టీచర్ · ఉదయం 7.40

అందరికీ నమస్తే. తిరుపతిలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు వారం వారం స్పాటింగ్ ఎర్రర్స్ పేపరు ఇస్తాను. ఈ వారం పేపర్లో నాలుగు వాక్యాల దగ్గర వాదన తెగలేదు. అవి ఇవీ:

ఒకటి: "ద పిల్‌గ్రిమ్స్ రష్డ్ పాస్ట్ ద కౌంటర్ కంప్లెయిన్డ్."

రెండు: "ద పిల్‌గ్రిమ్స్ వెయిటెడ్ నియర్ ద కౌంటర్ కంప్లెయిన్డ్."

మూడు: "ద కీ టు ద కాటేజెస్ ఆర్ విత్ ద క్లర్క్."

నాలుగు: "ది ఆఫీస్ కాల్డ్ ద స్టూడెంట్స్ ఫ్రమ్ చిత్తూర్."

ముప్పై మందిలో దాదాపు అందరూ ఒకటి, రెండు తప్పన్నారు. మూడోది బాగానే ఉందన్నారు. నాలుగోదానికి రెండు అర్థాలు వస్తున్నాయి కాబట్టి తప్పే అన్నారు. నా కీ ప్రకారం ఒకటి, నాలుగు "నో ఎర్రర్". రెండు, మూడు తప్పు. అంటే పిల్లల జవాబుల్లో రెండోది తప్ప అన్నీ తలకిందులే. కీ మీద నాకు అనుమానం లేదు. "చెవికి బాగుంది, బాగాలేదు" అనే మాట వాడకుండా, పిల్లవాడు కాగితం మీద తనే చేసి చూసుకోగలిగిన పరీక్ష ఏదైనా ఉంటే చెప్పండి. రేపు సాయంత్రం క్లాసు.

బైరాగిపట్టెడ · ఉదయం 8.05

సార్, కీ మార్చుకోండి. ఒక వాక్యానికి మెయిన్ వెర్బ్ ఒకటే ఉండాలి. రెండు ఉంటే మధ్యలో "అండ్" రావాలి, లేదా "హూ" లాంటిది రావాలి. ఒకటో వాక్యంలో "రష్డ్", "కంప్లెయిన్డ్" అని రెండున్నాయి, కలిపే మాట లేదు. రెండోదీ అంతే. రెండింటికీ ఒకే రూలు, రెండూ తప్పే. పిల్లలు సరిగ్గానే పట్టుకున్నారు.

పుంగనూరు · ఉదయం 8.12

నాకూ అట్లే అనిపిస్తోంది. రెండు వాక్యాలకూ తేడా ఏముంది?

స్వర్ణముఖి · ఉదయం 9.30

బైరాగిపట్టెడ గారు చెప్పిన రూలు నిజమే. ఒక కర్తకు రెండు మెయిన్ వెర్బులు కలిపే మాట లేకుండా నిలబడవు. కానీ ఒకటో వాక్యంలో మెయిన్ వెర్బులు రెండున్నాయా అన్నదే అసలు ప్రశ్న. చివర "ఇడి" కనిపించిన ప్రతి మాటా మెయిన్ వెర్బ్ కాదు. ఇంగ్లిష్‌లో చాలా క్రియలకు జరిగిపోయిన కాలం రూపం, పాస్ట్ పార్టిసిపుల్ రూపం ఒకటే. "రష్డ్" అంటే "పరుగెత్తారు" కావచ్చు, "తరమబడిన" కూడా కావచ్చు. మనం ఎడమ నుంచి చదువుకుంటూ వస్తాం కాబట్టి "పిల్‌గ్రిమ్స్ రష్డ్" అనగానే మొదటి అర్థాన్ని పట్టుకుంటాం. వాక్యం "కౌంటర్" దగ్గర ముగిసిందనుకుంటాం. ఆ తర్వాత "కంప్లెయిన్డ్" వచ్చి మీద పడుతుంది. అక్కడ తడబడింది చదివేవాడే. వాక్యం కట్టుబడిలో లోపం లేదు.

కాగితం మీద చేసే పరీక్ష అడిగారు కదా. కాలం మార్చి చూడండి. వాక్యాన్ని ఇప్పటి మాటగా రాయాలంటే ఏ క్రియ మారుతుందో అదే మెయిన్ వెర్బ్. "ద పిల్‌గ్రిమ్స్ రష్డ్ పాస్ట్ ద కౌంటర్ కంప్లెయిన్." ఇది కుదిరింది. కౌంటర్ ముందు నుంచి తరిమేసిన భక్తులు ఫిర్యాదు చేస్తారు అని. ఇప్పుడు "రష్డ్"ను మార్చండి: "ద పిల్‌గ్రిమ్స్ రష్ పాస్ట్ ద కౌంటర్ కంప్లెయిన్." ఇది కూలిపోయింది. అంటే "రష్డ్" మెయిన్ వెర్బ్ పని చేయడం లేదు. ఏ భక్తులో చెబుతోంది, అంతే.

రెండో పరీక్ష, రూపాలు వేరువేరుగా ఉన్న క్రియను ఆ చోట పెట్టడం. "టుక్", "టేకెన్" వేరువేరు మాటలు కదా. "ద పిల్‌గ్రిమ్స్ టేకెన్ పాస్ట్ ద కౌంటర్ కంప్లెయిన్డ్." ఎవరికీ ఇబ్బంది లేదు, ఒక్క చదువులో అర్థమవుతుంది. "టుక్" పెడితే చెడిపోతుంది. కట్టుబడి మార్చకుండా ఒక్క మాట మార్చగానే ఇబ్బంది పోయిందంటే, ఇబ్బంది ఆ మాట రూపంలో ఉంది, కట్టుబడిలో లేదు. నేను ఎక్కువగా నమ్మేది ఈ పరీక్షనే.

పుంగనూరు · ఉదయం 9.48

అయితే రెండోదీ రైటే కదా మేడం? "హూ వర్" దాగి ఉందనుకుంటే సరిపోతుంది. "పిల్‌గ్రిమ్స్ హూ వర్ వెయిటెడ్ నియర్ ద కౌంటర్."

స్వర్ణముఖి · ఉదయం 10.15

ఆ మాట బయటికి చదవండి. "హూ వర్ వెయిటెడ్" అని ఎవరూ అనరు. రెండు వాక్యాలు విడిపోయేది సరిగ్గా అక్కడే.

"రష్" అనే పని ఒకరు ఇంకొకరి మీద చేయొచ్చు. "ద గార్డ్స్ రష్డ్ ద పిల్‌గ్రిమ్స్ పాస్ట్ ద కౌంటర్." కాపలావాళ్లు భక్తుల్ని గబగబా ముందుకు పంపేశారు అని. కర్మ ఉంది కాబట్టి పాసివ్ వస్తుంది. పాసివ్ వస్తుంది కాబట్టి "హూ వర్ రష్డ్" అనొచ్చు. దాంట్లోంచి "హూ వర్" రెండు మాటలూ తీసేయొచ్చు. మీ ఒకటో వాక్యం అట్లా పుట్టింది.

ఇక్కడి "వెయిట్" అట్లాంటిది కాదు. "ద గార్డ్స్ వెయిటెడ్ ద పిల్‌గ్రిమ్స్" అనలేం. మధ్యలో "ఫర్" కావాలి. కర్మ లేదు, పాసివ్ లేదు, "హూ వర్ వెయిటెడ్" లేదు. మిగిలేది "హూ వెయిటెడ్" ఒక్కటే. అక్కడ "హూ" తానే కర్త. కర్తగా నిలబడిన "హూ"ను ఒంటరిగా తీసేయడానికి ప్రామాణిక ఇంగ్లిష్ ఒప్పుకోదు. కాబట్టి రెండో వాక్యాన్ని ఏ దారిలోనూ కట్టలేం. "హూ వెయిటెడ్" అని గానీ "వెయిటింగ్" అని గానీ దిద్దాలి.

పిల్లలకు బోర్డు మీద ఇట్లా రాయించండి: ముందు ఇంకొకరు ఆ పని చేసినట్టు పూర్తి వాక్యం, దాని కింద పాసివ్, దాని కింద "హూ వర్" వాక్యం, చివర "హూ వర్" తీసేసిన వాక్యం. నాలుగు మెట్లూ దిగగలిగితే వాక్యం కట్టుబడి సరైనది. మొదటి మెట్టులోనే కాలు జారితే తప్పు. "అరైవ్డ్", "స్లెప్ట్" కూడా పెట్టి చూపించండి. అవీ మొదటి మెట్టులోనే ఆగిపోతాయి.

బైరాగిపట్టెడ · ఉదయం 10.40

నా రూలు తప్పు కాదు, దాన్ని వాడిన చోటు తప్పు. "రష్డ్" మెయిన్ వెర్బ్ అని ముందే తీర్మానించుకుని లెక్కపెట్టాను. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక ప్రశ్న. పదిమంది చదివితే పదిమందికీ తప్పనిపించే వాక్యాన్ని "సరైనది" అని ఏ లెక్కన అంటాం? భాష మనుషులదే కదా. వాళ్లు ఒప్పుకోనిది గ్రామర్ ఎట్లా అవుతుంది?

స్వర్ణముఖి · ఉదయం 11.20

ఇది అడగాల్సిన ప్రశ్నే. నోమ్ చామ్‌స్కీ 1965లోనే ఈ రెండింటినీ విడదీశాడు. వాక్యం భాష నియమాల ప్రకారం కట్టబడిందా అన్నది ఒకటి. వినేవాడికి అది సులువుగా, సహజంగా అందుతుందా అన్నది ఇంకొకటి. రెండోదాంట్లో జ్ఞాపకం, అలసట, వాక్యం పొడవు అన్నీ కలుస్తాయి. మొదటిదాంట్లో కలవవు. ఒకటో వాక్యం లాంటివాటి మీద 1970లో థామస్ బెవర్ రాసినప్పటి నుంచి భాషాశాస్త్రం క్లాసుల్లో ఇవి మామూలుగా వాడే ఉదాహరణలు.

"ఏ లెక్కన" అంటే, నా లెక్క ఇది. ఆ పదిమందికీ "కాపలావాళ్లు తరిమారు" అని ఒక్క మాట చెప్పి మళ్లీ చదివించండి. "ఓ, అదా" అంటారు. వాక్యంలో ఒక్క అక్షరం మార్చలేదు, అయినా ఒప్పుకున్నారు. రెండో వాక్యానికి ఎంత వివరణ ఇచ్చినా ఆ "ఓ" రాదు. అర్థం తెలుస్తుంది గానీ "అయినా అట్లా అనకూడదు కదా" అంటారు. వివరణ ఇచ్చాక లేచి నిలబడేది ఇబ్బందైన వాక్యం. వివరణ ఇచ్చినా లేవనిది తప్పు వాక్యం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకే వాక్యాన్ని ఒకే మనిషి వరసగా పదిసార్లు చదివితే చెవి మొద్దుబారుతుంది. తప్పు వాక్యమూ బాగానే ఉందనిపిస్తుంది. కాబట్టి మొదటి రెండు చదువుల్లో వచ్చిన జవాబే రాసుకోండి. పక్కన తప్పకుండా సరైన వాక్యం ఒకటి, తప్పకుండా తప్పైన వాక్యం ఒకటి కలిపి అడగండి. ఆ రెండింట్లో దేనికి దగ్గరగా ఉందో తెలుస్తుంది.

పలమనేరు పక్కూరు · మధ్యాహ్నం 12.10

నాదొక వాక్యం ఉంది, చూస్తారా. ఉద్యోగం దరఖాస్తులో "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019" అని రాశాను. చూసినాయన ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. అర్థం అందరికీ తెలుస్తుంది, రెండు అర్థాలు కూడా లేవు. మీరు చెప్పే లెక్కన ఇది సరైన వాక్యమే కదా?

కొర్లగుంట టీచర్ · మధ్యాహ్నం 12.25

లేదన్నా. అర్థమైందా లేదా అన్నది ఇక్కడి పరీక్ష కాదు. "షి డోంట్ నో ఎనీథింగ్ యెస్టర్డే" అన్నా మనకు అర్థమవుతుంది. అర్థం తెలిసినంత మాత్రాన కట్టుబడి సరైనదని కాదు. అర్థం తెలియనంత మాత్రాన తప్పూ కాదు. మీ వాక్యానికి "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019" అని రాయాలి. 2019లో మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పని కాబట్టి బ్రిటిష్, అమెరికన్ ప్రామాణిక ఇంగ్లిష్‌లో "హావ్ బీన్" కావాలి.

స్వర్ణముఖి · మధ్యాహ్నం 12.50

దరఖాస్తుకు, పరీక్షకు టీచర్ గారు చెప్పిందే రాయండి. కానీ ఈ వాక్యాన్ని "వెయిటెడ్" వాక్యం పక్కన కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. "వెయిటెడ్" వాక్యాన్ని ఎక్కడి ఇంగ్లిష్ వాళ్లూ ఒప్పుకోరు. "యామ్ వర్కింగ్ సిన్స్" మన దేశంలో చదువుకున్నవాళ్లు రోజూ వాడతారు, ఒక పద్ధతి ప్రకారం వాడతారు. తెలుగులో "2019 నుంచి పనిచేస్తున్నా" అంటాం, ఆ అచ్చు ఇక్కడ పడింది. ఇక్కడ అడగాల్సింది "గ్రామర్ ఉందా" అని కాదు, "ఎవరి గ్రామర్" అని.

బైరాగిపట్టెడ · మధ్యాహ్నం 1.05

ఇక్కడ నేను ఒప్పుకోను మేడం. ఎక్కువమంది వాడతారు కాబట్టి అదొక గ్రామర్ అంటే, పిల్లలు రాసే ప్రతి తప్పుకూ ఒక గ్రామర్ పుట్టుకొస్తుంది. పరీక్ష పెట్టేవాళ్లు ఒక్క ప్రమాణానికే కట్టుబడాలి.

స్వర్ణముఖి · మధ్యాహ్నం 1.20

పరీక్ష మాట వరకు మీతో ఏకీభవిస్తాను. మిగతాది ఇక్కడ తేలేది కాదు, టీచర్ గారి ప్రశ్నకు వద్దాం. మూడో వాక్యం మిగిలింది.

"ద కీ టు ద కాటేజెస్ ఆర్ విత్ ద క్లర్క్." క్లర్కు దగ్గర ఉన్నది తాళంచెవి. అది ఒక్కటే. "ఈజ్" రావాలి. "కాటేజెస్" అనే బహువచనం క్రియ పక్కనే కూర్చుని దాన్ని తన వైపు లాగేసింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకూ మాటల్లో ఇట్లా జరుగుతుంది. ఇట్లాంటి జారుబాట్లను ప్రయోగశాలలోనే రాబట్టి 1991లో బాక్, మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించారు. ఎక్కువమంది జారుతున్నారు కాబట్టి సరైనదని మాత్రం అనరు. అదే మనిషికి రాసి చూపిస్తే తనే దిద్దుకుంటాడు.

మన పిల్లలకు ఇది మరీ కనిపించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. తెలుగులో "కాటేజీల తాళంచెవి క్లర్కు దగ్గర ఉంది" అంటాం. అసలు మాట "తాళంచెవి" చివరికి వస్తుంది, దాని ముందు ఎన్ని మాటలు చేరినా క్రియ వైపున ఉండేది అదే. మన భాషలో ఈ ఉచ్చు దాదాపు లేదు. ఇంగ్లిష్‌లో అసలు మాట ముందే వచ్చేసి, వెనక "టు ద కాటేజెస్" వేలాడుతుంది. పరీక్ష సులువు: "టు"తో మొదలైన తునకను పెన్సిల్‌తో కొట్టేయమనండి. "ద కీ ఆర్ విత్ ద క్లర్క్" అని మిగులుతుంది. ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు.

కాణిపాకం దారి · మధ్యాహ్నం 2.30

ఆ ముప్పై మందిలో నేనూ ఉన్నాను సార్. మూడోది ఇప్పుడు కనిపించింది. నాలుగోది మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. "ఆఫీస్ కాల్డ్ ద స్టూడెంట్స్ ఫ్రమ్ చిత్తూర్" అంటే చిత్తూరు విద్యార్థుల్ని పిలిచారా, చిత్తూరు నుంచి ఫోన్ చేశారా? తెలియని వాక్యం సరైనది ఎట్లా అవుతుంది?

కొర్లగుంట టీచర్ · మధ్యాహ్నం 3.00

నాయనా, తెలుగులో "కొట్టిన అబ్బాయి ఎవరు?" అని అడుగుతాం కదా. కొట్టింది ఆ అబ్బాయా, దెబ్బలు తిన్నది ఆ అబ్బాయా? రెండు రకాలుగానూ తీసుకోవచ్చు. అది తప్పు తెలుగు అంటావా? అనవు. "ఎవరిని కొట్టిన, ఎవరు కొట్టిన, సరిగ్గా చెప్పు" అంటావు. అంటే వాక్యాన్ని ఒప్పుకున్నట్టే.

ఇంగ్లిష్‌లో చేసి చూడు. "స్టూడెంట్స్" చోట "దెమ్" పెట్టు: "ది ఆఫీస్ కాల్డ్ దెమ్ ఫ్రమ్ చిత్తూర్." ఫోన్ చిత్తూరు నుంచి వచ్చింది, ఇంకో అర్థం పోయింది. ఇప్పుడు "స్టూడెంట్స్ ఫ్రమ్ చిత్తూర్" మొత్తాన్నీ తీసి "దెమ్" పెట్టు: "ది ఆఫీస్ కాల్డ్ దెమ్." చిత్తూరు విద్యార్థుల్నే పిలిచారు, ఎక్కడి నుంచి పిలిచారో ఊసు లేదు. రెండు మార్పులూ చక్కగా కుదిరాయి. ఒక వాక్యంలో రెండు కట్టుబడులు ఒదిగి ఉన్నాయన్నమాట. తప్పు వాక్యానికి ఒక్క కట్టుబడి కూడా దొరకదు. దీనికి రెండు దొరికాయి. నోటీసులో రాస్తే నేనే దిద్దుతాను. ఎర్రర్ ఎక్కడ అని అడిగితే మాత్రం లేదనే చెప్పాలి.

కాణిపాకం దారి · మధ్యాహ్నం 3.15

"దెమ్" పెట్టి చూడటం బాగుంది సార్. మరి పరీక్షలో ఇట్లాంటిది వస్తే "నో ఎర్రర్" పెట్టేయాలా?

బైరాగిపట్టెడ · మధ్యాహ్నం 3.30

ఇక్కడ నాకు అనుభవం ఉంది, చెప్తాను. వాక్యాన్ని నాలుగు ముక్కలుగా ఇచ్చి, అయిదోది "నో ఎర్రర్" అని ఇచ్చిన ప్రశ్నలో అర్థం గురించి ఆలోచించొద్దు. ప్రతి ముక్కలో ఒక్కటే అడుగు: ఇక్కడ ఏ మాటను మార్చాలో వేలు పెట్టి చూపించగలనా? చూపించలేకపోతే తప్పు లేనట్టే. "సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్" అని ఇస్తే లెక్క వేరు. అక్కడ సరైన వాక్యాన్ని కూడా మెరుగు చేయమని అడగొచ్చు.

చిత్తూరు ప్రెస్సు · సాయంత్రం 5.10

ప్రూఫులు చూసే పని నాది. మీ మాటలన్నీ చదివాక ఒక వాక్యం అడగాలనిపించింది.

"ద లడ్డూ దట్ ద బాయ్ హూ ద కుక్ ఇన్ ద బిగ్ కిచెన్ హాడ్ స్కోల్డెడ్ వాజ్ స్టిల్ హాట్."

పొడవుగా ఉంది, బరువుగా ఉంది. కానీ తప్పు నాకు కనిపించలేదు. "హూ" చోట "హూమ్" ఉండాలేమోనని మాత్రం అనుమానం. ఇబ్బందైన వాక్యం కింద వేసుకోవచ్చా?

పుంగనూరు · సాయంత్రం 5.25

బాగానే ఉంది. ముక్కలు చేసి రాస్తే ఇంకా బాగుంటుంది.

స్వర్ణముఖి · సాయంత్రం 6.40

చెవి మోసపోయే చోటు ఇదే. ఇది తప్పు వాక్యం. "హూమ్" సంగతి పక్కన పెట్టండి. అది మర్యాద భాషకు సంబంధించింది, మాటల్లో "హూ" చెల్లుతుంది.

లెక్కపెట్టండి. పని చేసేవాళ్లు, పనికి గురైనవి: లడ్డూ, బాయ్, కుక్. మూడు. ఒక్కోదానికి ఒక క్రియ కావాలి. కుక్ ఏం చేశాడు? తిట్టాడు, "హాడ్ స్కోల్డెడ్". లడ్డూ సంగతేంటి? ఇంకా వేడిగా ఉంది, "వాజ్ స్టిల్ హాట్". మరి బాయ్ ఏం చేశాడు? లడ్డూకూ ఆ పిల్లవాడికీ ఏం సంబంధం? జవాబు లేదు. మూడు కర్తలకు రెండే క్రియలు. మధ్యలో ఒకటి మాయమైంది.

సరైన వాక్యం ఇది: "ద లడ్డూ దట్ ద బాయ్ హూ ద కుక్ ఇన్ ద బిగ్ కిచెన్ హాడ్ స్కోల్డెడ్ డ్రాప్డ్ వాజ్ స్టిల్ హాట్." ఇప్పుడు చదవండి. ముందుదానికంటే ఇదే తప్పుగా అనిపిస్తోంది కదూ? "స్కోల్డెడ్ డ్రాప్డ్ వాజ్" అని మూడు క్రియలు వరసగా పడటంతో తల తిరుగుతుంది. గిబ్సన్, థామస్ 1999లో ఇట్లాంటి వాక్యాల్నే ఇంగ్లిష్ వాళ్లకిచ్చి చూశారు. మధ్య క్రియ లేని తప్పు వాక్యం వాళ్లకు సరైనదానికంటే కష్టంగా అనిపించలేదు. మధ్య క్రియ రావాల్సిన చోటికి వచ్చేసరికి, అది రావాలన్న ఎదురుచూపే మనసులోంచి జారిపోయి ఉంటుందని ఒక వివరణ.

ఇదే సంగతి తెలుగులో: "పెద్ద వంటశాలలోని వంటాయన తిట్టిన పిల్లోడు జారవిడిచిన లడ్డూ ఇంకా వేడిగానే ఉంది." ముగ్గురున్నారు, మూడు పనులున్నాయి, అయినా ఎక్కడా ఆగలేదు. "వంటాయన తిట్టిన" అని ఒక పని ముగిశాకే "పిల్లోడు" వస్తాడు. వాడి పని ముగిశాకే "లడ్డూ" వస్తుంది. ఏ కర్తనూ మనసులో మోసుకుంటూ పోనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ముగ్గుర్నీ ముందే వరసగా నిలబెట్టి, పనుల్ని చివర వెనక నుంచి ముందుకు అప్పజెప్పాలి. కష్టం ఆలోచనలో లేదు, ఆ పేర్చడంలో ఉంది.

చిత్తూరు ప్రెస్సు · సాయంత్రం 7.05

నిజమే. పిల్లవాడు ఏం చేశాడన్న ప్రశ్నే నాకు తట్టలేదు. ఇన్నాళ్లూ పొడవు వాక్యం కనిపిస్తే "బరువుగా ఉంది" అని పక్కన రాసి వదిలేసేవాణ్ణి. తప్పున్నవి కూడా అట్లా వదిలేసి ఉంటాను. పనిలో వాడుకోవడానికి ఒక వరస చెప్పగలరా?

స్వర్ణముఖి · సాయంత్రం 7.40

లోపలి తునక నుంచి బయటికి రండి. అన్నిటికంటే లోపల ఉన్న కర్తను దాని తర్వాత వచ్చే మొదటి క్రియతో జత చేసి ఆ రెండింటినీ పెన్సిల్‌తో కొట్టేయండి: "కుక్", "స్కోల్డెడ్". తర్వాతి కర్తను మిగిలిన మొదటి క్రియతో జత చేయండి: "బాయ్", "డ్రాప్డ్". చివరికి "లడ్డూ", "వాజ్". అన్నీ జతపడి ఏమీ మిగలకపోతే కట్టుబడి సరైనదే, చదవడానికే బరువు. విడగొట్టి రాయండి. కర్త మిగిలిపోయినా, క్రియ మిగిలిపోయినా అది తప్పే. అప్పుడు విడగొట్టి ఊరుకోకండి. పోయిన క్రియ ఏమిటో రాసినాయన్నే అడగాలి. పిల్లవాడు లడ్డూ జారవిడిచాడో, తిన్నాడో, దాచుకున్నాడో మీకు తెలియదు. సొంతంగా పూరించొద్దు.

బైరాగిపట్టెడ · రాత్రి 8.15

మన పిల్లలు తెలుగులో ఇట్లాంటి వాక్యాలు అలవోకగా చెప్తారు కదా, ఇంగ్లిష్‌లో క్రియ లోపించినప్పుడు ఇంగ్లిష్ వాళ్లకంటే మనమే ముందు పట్టుకోవాలి మరి?

స్వర్ణముఖి · రాత్రి 8.40

అట్లా సూటిగా చెప్పలేం. జర్మన్‌లో ఇట్లాంటి లోపలి తునకల్లో క్రియ చివరికే పోతుంది. జర్మన్ వాళ్లు తమ భాషలో ఈ మోసానికి లొంగరని వాసిష్ఠ్, ఇంకొందరు 2010లో చూపించారు. క్రియ కోసం చివరిదాకా ఎదురుచూసే అలవాటు వాళ్లకు పనికొస్తుందని అనుకోవచ్చు. కానీ జర్మన్, డచ్ వాళ్లు ఇంగ్లిష్ చదివేటప్పుడు ఇంగ్లిష్ వాళ్లలాగే మోసపోయారని తర్వాత వచ్చిన ప్రయోగంలో తేలింది. ఆ లెక్కన చూస్తే, ఏ భాషలో చదువుతున్నామో ఆ భాష అలవాటే పనిచేస్తున్నట్టుంది. టీచర్ గారి క్లాసులో ముప్పై మంది ఉన్నారు. లడ్డూ వాక్యాలు రెండూ ఇచ్చి, వేరువేరు పిల్లలకు ఒక్కోటి చొప్పున, ఎవరు ఏది తప్పంటారో చూడొచ్చు.

పలమనేరు పక్కూరు · రాత్రి 9.00

ఇంకొక్కటి. "హావింగ్ లాక్డ్ ద రూమ్, ద కీ వాజ్ గివెన్ టు ద క్లర్క్." ఇది ఏ జాబితాలోకి వస్తుంది? తాళంచెవి గదికి తాళం వేసుకోదు కదా.

బైరాగిపట్టెడ · రాత్రి 9.10

తప్పు. పరీక్షల్లో దీన్ని తప్పుగానే అడుగుతారు. "హావింగ్" వెనక ఉన్న మనిషి, కామా తర్వాత వచ్చే కర్త ఒకరే కావాలి.

స్వర్ణముఖి · రాత్రి 9.35

పరీక్ష అట్లాగే అడుగుతుంది, నిజం. నేను మాత్రం దీన్ని "వెయిటెడ్" వాక్యం జాబితాలో వేయలేను. "కన్సిడరింగ్ ద రష్, ద క్యూ మూవ్డ్ ఫాస్ట్" అంటే ఎవరూ నొసలు చిట్లించరు. రద్దీని లెక్కలోకి తీసుకున్నది క్యూ కాదు కదా, అయినా చెల్లుతోంది. కట్టుబడి అదే, ఒకటి చెల్లి ఇంకొకటి చెల్లడం లేదంటే అడ్డుపడుతున్నది కేవలం కట్టుబడి నియమం కాకపోవచ్చు. "కన్సిడరింగ్" ఇప్పుడు విభక్తిలా మారిపోయిందని కొందరంటారు, ఆ వాదనలోనూ బలముంది. వ్యాకరణం రాసేవాళ్లే ఒక్క మాట మీద లేరు. రాసేటప్పుడు దిద్దుకోవడం మంచిదే: "హావింగ్ లాక్డ్ ద రూమ్, వి గేవ్ ద కీ టు ద క్లర్క్."

కొర్లగుంట టీచర్ · రాత్రి 10.05

రేపటి క్లాసుకు ఇట్లా అనుకుంటున్నాను. నాలుగు వాక్యాలూ అట్లాగే ఉంచుతాను. కానీ "తప్పా, రైటా" అనే గడి ఒక్కటే కాకుండా పక్కన రెండో గడి పెడతాను: "ఏ మాట మార్చి చూశావు? మార్చాక ఏమైంది?" ఆ గడి ఖాళీగా ఉంటే మొదటి గడిలో జవాబు సరైనదైనా సగం మార్కే. "హావింగ్" వాక్యాన్ని పేపర్లోంచి తీసేస్తున్నాను. లడ్డూ వాక్యాలు రెండూ చేరుస్తున్నాను, పదిహేను మందికి ఒకటి, పదిహేను మందికి ఇంకొకటి. మధ్యలో సరైనవి, తప్పువి మామూలు వాక్యాలు కూడా కలుపుతాను. ఎంతమంది ఏది తప్పన్నారో రేపు రాత్రి ఇక్కడే రాస్తాను.

కాణిపాకం దారి · రాత్రి 10.20

సార్, నేను ఇక్కడ చదివేశాను కదా, నా జవాబు లెక్కలోకి రాదు. నా పేపరు పక్కన పెట్టేయండి.

కొర్లగుంట టీచర్ · రాత్రి 10.24

అవును నాయనా, అది నాకు తట్టలేదు. ఇది ఇంకా ఎవరెవరు చదివారో క్లాసు మొదట్లోనే అడుగుతాను. నువ్వు పేపర్లు పంచు.